నాణెం ప్రశ్నలో బీటా ప్రయర్: ఫోటో నుంచి పోస్టీరియర్ దాకా

బేయీసియన్ అంచనా మీద వచ్చే ప్రశ్నల్లో నాణెం ప్రశ్న అన్నిటికన్నా తేలిక. సమాకలనం చేయక్కర్లేదు, రెండు కూడికలతో అయిపోతుంది. అయినా ఇందులో మార్కులు పోతూనే ఉంటాయి, ఎక్కువగా ఒక్క 1 దగ్గరే. ఆ 1 ఎక్కడ కలపాలి, ఎక్కడ తీసేయాలి అన్నది తేలితే మిగతాదంతా మామూలు లెక్క.

వాట్సాప్ గ్రూపులో ఎవరో పుస్తకం పేజీని ఫోటో తీసి పెట్టారనుకోండి. ప్రశ్న ఇలా ఉంది:

"ఒక నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత θ. దాని ప్రయర్ సాంద్రత f(θ) = 12θ(1−θ)², 0 < θ < 1. నాణేన్ని 10 సార్లు ఎగరేస్తే 7 సార్లు బొమ్మ పడింది. స్క్వేర్డ్ ఎర్రర్ లాస్ కింద θ కి బేయీస్ అంచనా ఎంత?"

కింద నాలుగు ఆప్షన్లు ఉన్నాయి: 2/5, 7/10, 8/13, 3/5.

ముందు ఫోటోని సరిగ్గా చదవండి

లెక్క మొదలుపెట్టే ముందు ఒక నిమిషం ఫోటో మీద పెట్టండి. అచ్చులో ఘాతాలు చిన్నగా ఉంటాయి, ఫోటోలో ఇంకా అలికినట్టు కనిపిస్తాయి. (1−θ) మీదున్నది 2 నా 3 నా? అసలు ఘాతం ఉందా, అది కాగితం మీది మరకా? ఇక్కడ ఊహించే పనిలేదు, ముందున్న 12 మీకు సాక్ష్యం చెబుతుంది.

సాంద్రత కింది వైశాల్యం మొత్తం 1 రావాలి. బీటా సాంద్రతలో ముందుండే స్థిరాంకం అందుకోసమే ఉంటుంది. ఘాతాలు రెండూ పూర్ణాంకాలైతే దాన్ని ఫ్యాక్టోరియల్స్‌తో కనుక్కోవచ్చు. θ ఘాతం p, (1−θ) ఘాతం q అనుకుంటే స్థిరాంకం ఇది:

(p + q + 1)! / (p! q!)

ఇప్పుడు అనుమానం ఉన్న ఘాతాలు ఒక్కొక్కటీ పెట్టి చూడండి. p = 1, q = 2 అయితే 4!/(1!·2!) = 12. q = 3 అయితే 5!/(1!·3!) = 20. q = 1 అయితే 3!/(1!·1!) = 6. ఫోటోలో 12 స్పష్టంగా ఉంది కాబట్టి ఘాతం 2 అని తేలిపోయింది. తిరగేసి కూడా వాడుకోవచ్చు: స్థిరాంకం అలికిపోయి ఘాతాలు బాగా కనబడుతుంటే స్థిరాంకాన్ని మీరే కట్టుకోవచ్చు. నిజానికి ఈ లెక్కకి అది అవసరం కూడా లేదు, ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

ఈ సాక్ష్యానికీ ఒక హద్దుంది. 12θ²(1−θ) కి కూడా స్థిరాంకం 12 ఏ. అంటే 2 అనే ఘాతం θ మీదుందా, (1−θ) మీదుందా అన్నది స్థిరాంకం చెప్పలేదు. అది మాత్రం ఫోటోని పెద్దది చేసి కళ్లతోనే చూసుకోవాలి.

ఇంకో మూడు చోట్ల చూడండి. θ అంటే బొమ్మ పడే సంభావ్యతా, బొరుసు పడే సంభావ్యతా? 7 అన్నది బొమ్మల లెక్కా, బొరుసుల లెక్కా? 0 < θ < 1 అన్న హద్దు ఫోటో అంచులో కోసుకుపోయిందా? ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. హద్దు మారితే ఈ పద్ధతి నేరుగా పనిచేయదు, దాని సంగతి చివర్లో చూద్దాం.

ప్రయర్‌ని బీటా పేరుతో రాయండి

బీటా విభాజనం Beta(a, b) సాంద్రతలో θ వేసుకునే రూపం ఇది:

θ^(a−1) · (1−θ)^(b−1)

ఘాతాల్లో ఆ −1 చూశారా? మొదట్లో చెప్పిన 1 ఇదే. మన ప్రశ్నలో θ ఘాతం 1, కాబట్టి a − 1 = 1, అంటే a = 2. (1−θ) ఘాతం 2, కాబట్టి b = 3. ప్రయర్ Beta(2, 3).

తొందరలో ఘాతాల్నే తీసుకుని Beta(1, 2) అని రాసేస్తారు. పరీక్షలో ఈ పొరపాటు చేసినా అనుమానం రాదు, ఎందుకంటే తర్వాతి లెక్కంతా సాఫీగా సాగి చివరికి ఒక చక్కటి భిన్నం వస్తుంది. పైగా ఆ భిన్నం ఆప్షన్లలో కూడా ఉంటుంది. అదేదో కింద చూపిస్తాను.

ప్రయర్ ఏం చెబుతోందో కూడా ఒకసారి చూసుకోండి. Beta(a, b) సగటు a/(a+b). ఇక్కడ 2/5, అంటే 0.4. నాణెం ఎగరేయకముందు మన నమ్మకం కొంచెం బొరుసు వైపు మొగ్గి ఉందన్నమాట.

లైక్లీహుడ్ రాయండి, అక్కర్లేనిది వదిలేయండి

10 సార్లలో 7 బొమ్మలు, అంటే 3 బొరుసులు. θ ఇంత అనుకుంటే ఇలా పడే సంభావ్యత:

C(10, 7) · θ⁷ · (1−θ)³

C(10, 7) విలువ 120. దాన్ని అక్కడే వదిలేయండి. అందులో θ లేదు. θ తో సంబంధం లేని ఏ గుణకమైనా చివర్లో వైశాల్యాన్ని 1 కి సర్దేటప్పుడు కొట్టుకుపోతుంది. ప్రయర్‌లోని 12 పరిస్థితీ అంతే.

దీనివల్ల ఒక సందేహం కూడా తీరుతుంది. కొన్ని ప్రశ్నల్లో "10 సార్లలో 7 బొమ్మలు" అని కాకుండా "బొమ్మ, బొమ్మ, బొరుసు, బొమ్మ…" అంటూ వరస మొత్తం ఇస్తారు. ఇంకొన్నింటిలో "ఏడో బొమ్మ పడేదాకా ఎగరేశాం, పదోసారికి పడింది" అంటారు. వరస ఇస్తే ముందున్న గుణకం 1 అవుతుంది, ఏడో బొమ్మ దాకా అంటే C(9, 6) అంటే 84 అవుతుంది. θ ఉన్న భాగం మాత్రం మూడింటిలోనూ θ⁷(1−θ)³ ఏ. కాబట్టి పోస్టీరియర్ కూడా ఒకటే. ప్రశ్న మాటలు మారాయని కంగారుపడి వేరే సూత్రం వెతకనక్కర్లేదు.

గుణించండి

ప్రయర్‌ని లైక్లీహుడ్‌తో గుణిస్తే ఘాతాలు కలుస్తాయి:

θ¹(1−θ)² × θ⁷(1−θ)³ = θ⁸(1−θ)⁵

ఇది మళ్లీ బీటా రూపమే. a − 1 = 8, b − 1 = 5, కాబట్టి పోస్టీరియర్ Beta(9, 6). ప్రయర్ ఏ కుటుంబానిదో పోస్టీరియర్ కూడా అదే కుటుంబంలో రావడాన్నే కాంజుగేట్ ప్రయర్ అంటారు. సమాకలనం తప్పించుకోగలిగింది దీనివల్లే.

అలవాటైతే గుణించడం కూడా అక్కర్లేదు. a కి బొమ్మలు కలపండి, b కి బొరుసులు కలపండి: 2 + 7 = 9, 3 + 3 = 6. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. b కి బొరుసుల సంఖ్య 3 కలపాల్సిన చోట మొత్తం సంఖ్య 10 కలిపేసి Beta(9, 13) అంటారు. దీన్ని పట్టుకోవడం సులువు. పోస్టీరియర్‌లోని రెండు సంఖ్యల మొత్తం, ప్రయర్‌లోని మొత్తానికి ఎగరేసిన సార్లు కలిపితే వచ్చేదానికి సమానం కావాలి. 5 + 10 = 15, మనది 9 + 6 = 15. సరిపోయింది. 9 + 13 అయితే 22, కుదరదు.

పోస్టీరియర్ సాంద్రత పూర్తిగా రాయమని అడిగితే పైన వాడిన ఫ్యాక్టోరియల్ సూత్రమే వాడండి. 14!/(8!·5!) = 18018. కాబట్టి సాంద్రత 18018 θ⁸(1−θ)⁵. అడగకపోతే ఈ సంఖ్య జోలికి వెళ్లకండి, టైం వేస్ట్.

ఏ అంచనా అడిగారో చూడండి

పోస్టీరియర్ దొరికింది, కానీ అడిగింది ఒక సంఖ్య. ఆ సంఖ్య ఏదన్నది లాస్ ఫంక్షన్ మీద ఆధారపడుతుంది. స్క్వేర్డ్ ఎర్రర్ లాస్ అంటే పోస్టీరియర్ సగటు. ఆబ్సల్యూట్ ఎర్రర్ లాస్ అంటే పోస్టీరియర్ మధ్యగతం. మ్యాప్ అంచనా అని అడిగితే పోస్టీరియర్ బాహుళకం, అంటే సాంద్రత అన్నిటికన్నా ఎత్తుగా ఉండే చోటు.

మన ప్రశ్నలో స్క్వేర్డ్ ఎర్రర్ కాబట్టి సగటు: 9/15 = 3/5. జవాబు అదే.

బాహుళకానికి సూత్రం (a−1)/(a+b−2), ఇది a, b రెండూ 1 కన్నా పెద్దవైనప్పుడు పనిచేస్తుంది. ఇక్కడ 8/13, సుమారు 0.615. మధ్యగతానికి నికరమైన సూత్రం లేదు, కానీ a, b మరీ చిన్నవి కాకపోతే (a − 1/3)/(a + b − 2/3) బాగా దగ్గరగా వస్తుంది. ఇక్కడ సుమారు 0.605. మూడూ పక్కపక్కనే ఉన్నాయి గానీ ఒకటి కాదు.

ఇప్పుడు ఆ ఆప్షన్లను మళ్లీ చూడండి. 2/5 ప్రయర్ సగటు, అంటే డేటాని అసలు పట్టించుకోనివాళ్ల జవాబు. 7/10 నేరుగా 7 ని 10 తో భాగించినది, అంటే ప్రయర్‌ని పట్టించుకోనివాళ్ల జవాబు, దీన్నే మాక్సిమం లైక్లీహుడ్ అంచనా అంటాం. 8/13 బాహుళకం.

ఈ 8/13 దగ్గరే అసలు వల ఉంది. ప్రయర్‌ని Beta(1, 2) అని తప్పుగా రాసుకున్నవాళ్లకు పోస్టీరియర్ Beta(8, 5) వస్తుంది. దాని సగటు 8/13. అంటే ఘాతాల్లో 1 మర్చిపోయి సగటు కట్టినా, అంతా సరిగ్గా చేసి సగటుకు బదులు బాహుళకం కట్టినా ఒకే భిన్నం వస్తుంది. ఇది ఈ ప్రశ్నలో మాత్రమే జరిగింది కాదు. Beta(a−1, b−1) సగటు ఎప్పుడూ Beta(a, b) బాహుళకమే, సూత్రాలు పక్కపక్కన పెడితే కనబడుతుంది. కాబట్టి "నా జవాబు ఆప్షన్లలో ఉంది, ఇక కరెక్టే" అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. మ్యాప్ అడిగిన ప్రశ్నలో అయితే తప్పుదారిలో వెళ్లి కూడా సరైన జవాబు వస్తుంది, అప్పుడు పొరపాటు ఎప్పటికీ బయటపడదు.

జవాబు సరిచూసుకోండి

మొదటి పరీక్ష: పోస్టీరియర్ సగటు ఎప్పుడూ ప్రయర్ సగటుకీ, డేటా నిష్పత్తికీ మధ్యలో పడాలి. 0.4 కీ 0.7 కీ మధ్య 0.6 ఉంది, బాగానే ఉంది. అంతేకాదు, ఎంత మధ్యలో పడాలో కూడా ముందే చెప్పొచ్చు. ప్రయర్ బరువు a + b, అంటే 5. డేటా బరువు 10. మొత్తం 15 లో ప్రయర్‌కి మూడో వంతు, డేటాకి మూడింట రెండు వంతులు:

(5/15) × 0.4 + (10/15) × 0.7 = 0.6

రెండో పరీక్ష: డేటాని రెండు ముక్కలు చేయండి. మొదటి 5 సార్లలో 4 బొమ్మలు, తర్వాతి 5 సార్లలో 3 బొమ్మలు అనుకుందాం. మొదటి ముక్కతో Beta(2, 3) కాస్తా Beta(6, 4) అవుతుంది. ఇప్పుడు దీన్నే కొత్త ప్రయర్‌గా తీసుకుని రెండో ముక్క కలిపితే Beta(9, 6). ఒకేసారి కలిపినా, విడతలుగా కలిపినా తేడా రాకూడదు. వచ్చిందంటే ఎక్కడో ఒక 1 జారిపోయిందని అర్థం. విడతకొకసారి ఘాతాల దగ్గర మర్చిపోయేవాళ్లకు ఈ పరీక్ష వెంటనే గంట కొడుతుంది.

ప్రయర్ బరువు 5 కాబట్టి 10 సార్ల డేటా మీద అది గట్టిగానే లాగింది. డేటా పెరిగితే ఆ లాగుడు ఏమవుతుంది? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్న గణితవేత్త జాన్ కెరిచ్ ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి లెక్క రాసుకున్నాడు. 5,067 సార్లు బొమ్మ పడింది. అదే Beta(2, 3) ప్రయర్‌తో మొదలుపెడితే పోస్టీరియర్ Beta(5069, 4936), సగటు సుమారు 0.5066. డేటా నిష్పత్తి 0.5067. మన ప్రయర్ 0.4 అన్నదాని ఆనవాలే లేదు. అంత ఓపిక మనకి ఉండదు కాబట్టే ప్రయర్ గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం.

θ సగం కన్నా ఎక్కువ ఉండే అవకాశం

ఇలాంటి ప్రశ్నకు రెండో భాగంగా "నాణెం బొమ్మ వైపు మొగ్గి ఉండే పోస్టీరియర్ సంభావ్యత ఎంత?" అని అడుగుతుంటారు. అంటే P(θ > 1/2). ఇక్కడ 18018 θ⁸(1−θ)⁵ ని విస్తరించి సమాకలనం చేయబోతే ఆరు పదాలు వస్తాయి, ఎక్కడో గుర్తు తప్పుతుంది. దానికి మంచి దగ్గరి దారి ఉంది. a, b పూర్ణాంకాలైతే బీటా సంభావ్యతని బైనామియల్‌గా మార్చుకోవచ్చు:

P(Beta(a, b) > x) = P(Bin(a+b−1, x) ≤ a−1)

మన లెక్కలో a + b − 1 = 14, a − 1 = 8. అంటే సమంగా ఉన్న నాణేన్ని 14 సార్లు ఎగరేస్తే 8 లేదా అంతకన్నా తక్కువ బొమ్మలు పడే సంభావ్యత కావాలి. C(14, 0) నుంచి C(14, 8) దాకా కూడితే 12911 వస్తుంది. దాన్ని 2¹⁴ తో, అంటే 16384 తో భాగిస్తే 0.788. పదిలో ఏడు బొమ్మలు చూశాక కూడా 21 శాతం దాకా అనుమానం మిగిలే ఉందన్నమాట. ప్రయర్ బొరుసు వైపు మొగ్గి ఉండటం ఇందుకు కొంత కారణం.

కంప్యూటర్ దగ్గరుంటే R లో ఒక్క లైనుతో సరిచూసుకోవచ్చు. రెండో లైను 95 శాతం క్రెడిబుల్ ఇంటర్వల్ ఇస్తుంది:

```
pbeta(0.5, 9, 6, lower.tail = FALSE)
qbeta(c(0.025, 0.975), 9, 6)
```

మొదటిది 0.788, రెండోది సుమారు 0.35 నుంచి 0.82 దాకా. ఈ ఫంక్షన్లకు ఇవ్వాల్సింది 9, 6 లే, ఘాతాలైన 8, 5 కాదు. ఆ 1 ఇక్కడికి కూడా వెంటబడి వస్తుంది.

తర్వాత ఎగరేస్తే ఏం పడుతుంది

పదకొండోసారి బొమ్మ పడే సంభావ్యత ఎంత అంటే పోస్టీరియర్ సగటే జవాబు, 0.6. మరి తర్వాతి రెండుసార్లూ బొమ్మే పడాలంటే? 0.6 × 0.6 = 0.36 అని చాలామంది చప్పున రాసేస్తారు. అది సరి కాదు. θ కచ్చితంగా తెలిస్తేనే రెండు విసుర్లూ స్వతంత్రం. మనకు θ తెలియదు, కాబట్టి మొదటిది బొమ్మ పడితే θ మీద మన అంచనా కొంచెం పైకి జరుగుతుంది. పదకొండోది బొమ్మ పడ్డాక పోస్టీరియర్ Beta(10, 6) అవుతుంది, దాని సగటు 10/16. కాబట్టి:

(9/15) × (10/16) = 0.375

ఇంకో వైపు నుంచి సరిచూడాలంటే విస్తృతి వాడండి. Beta(a, b) విస్తృతి ab/[(a+b)²(a+b+1)], ఇక్కడ 54/3600 = 0.015. సగటు వర్గం 0.36 కి విస్తృతి 0.015 కలిపితే 0.375. θ గురించి మనకున్న అనిశ్చితే ఆ తేడా.

హద్దు కోసుకుపోయిన ఫోటో

ఇప్పుడు మొదట్లో వదిలేసిన సంగతి. ఇంకో ఫోటోలో ప్రయర్ f(θ) = 2 అని మాత్రమే కనబడుతోంది, హద్దు అంచులో తెగిపోయింది అనుకోండి. 0 నుంచి 1 దాకా అయితే వైశాల్యం 2 వస్తుంది, అది సాంద్రత కాదు. అంటే హద్దు పొడవు సగమే ఉండాలి. చాలావరకు అది 1/2 < θ < 1 అయి ఉంటుంది, కానీ పొడవు ఒక్కటే చూసి 0 < θ < 1/2 కాదని చెప్పలేం. పేజీ పూర్తిగా కనబడే ఫోటో ఇంకొకటి అడగండి.

అది 1/2 < θ < 1 అని తేలిందనుకుందాం, డేటా అదే 7, 3. ఇప్పుడు పోస్టీరియర్ θ⁷(1−θ)³ రూపంలోనే ఉంటుంది గానీ 1/2 పైన మాత్రమే. చూడటానికి Beta(8, 4) లా ఉన్నా, కింది భాగం కోసేసిన Beta(8, 4) ఇది. ప్రయర్ సున్నా అన్న చోట ఎంత డేటా వచ్చినా పోస్టీరియర్ సున్నాయే. మామూలు Beta(8, 4) సగటు 8/12, అంటే 0.667, ఇక్కడ రాయకూడదు. కోతని లెక్కలోకి తీసుకుంటే సగటు ఇలా వస్తుంది:

(8/12) × P(Beta(9, 4) > 1/2) / P(Beta(8, 4) > 1/2)

రెండు సంభావ్యతల్నీ పైన చెప్పిన బైనామియల్ దారిలోనే కట్టొచ్చు. లవంలోది 3797/4096, అంటే 0.927. హారంలోది 1816/2048, అంటే 0.887. సగటు సుమారు 0.697. సగం కింది విలువలన్నీ పోయాయి కాబట్టి సగటు పైకి జరిగింది. 0.667 కన్నా తక్కువ వస్తే లవం, హారం తారుమారయ్యాయేమో చూసుకోండి.